మీరు రాసిన ప్రతి వాక్యం వెనుకా ఒక ప్రశ్న ఉంటుంది

రాత్రి స్టడీ అవర్‌లో ఒక విద్యార్థిని మా దగ్గరికి మందపాటి కాగితాల కట్ట తెచ్చింది. అందులో ఇంటర్వ్యూల్లో తరచుగా అడిగే వంద ప్రశ్నలు, వాటి జవాబులు ఉన్నాయి. మీ బలం ఏమిటి, బలహీనత ఏమిటి, పదేళ్ళ తర్వాత మిమ్మల్ని మీరు ఎక్కడ చూసుకుంటారు వంటివి. విశ్వవిద్యాలయ ప్రవేశానికి ఆమె ఇంటర్వ్యూ తొమ్మిది రోజుల్లో ఉంది. వందలో అరవై జవాబులు అప్పటికే కంఠతా పట్టేసింది.

"నువ్వు పంపిన స్టేట్‌మెంట్ ఏదమ్మా?" అని అడిగాం.

"అది ఎప్పుడో పంపేశాను కదా సార్" అంది.

పంపి మూడు నెలలైంది. ఆ తర్వాత దాన్ని ఒక్కసారి కూడా తిరిగి చదవలేదు. కానీ ఇంటర్వ్యూ రోజున బల్లకు అవతల కూర్చునేవారి చేతిలో ఉండేది ఆ వంద ప్రశ్నల కట్ట కాదు, ఆమె రాసిన ఆ ఒక్క పేజీ. వాళ్ళకు ఆమె గురించి తెలిసిందంతా దాదాపు అందులోనే ఉంది. కాబట్టి ప్రశ్నలు అందులోంచే పుడతాయి. ప్రశ్నపత్రాన్ని ఆమే రాసి పంపింది. తిరిగి చదవడం మాత్రం మరిచిపోయింది.

ఇప్పుడు మన విద్యాలయాల నుంచి ఇలాంటి ఇంటర్వ్యూలకు వెళ్ళేవారు కనిపిస్తున్నారు. సోనీపత్‌లోని అశోకా విశ్వవిద్యాలయం వంటివి దరఖాస్తుతో పాటు వ్యాసాలు రాయించుకుని, తర్వాత ఇంటర్వ్యూకి పిలుస్తాయి. బ్రిటన్‌లో డిగ్రీ చదవాలనుకునేవారు ఖాళీలతో కలిపి 4000 అక్షరాలు దాటకుండా స్టేట్‌మెంట్ రాస్తారు. కేంబ్రిడ్జ్ వంటి చోట దాని తర్వాత ఇంటర్వ్యూ కూడా ఉంటుంది. ఊరు ఏదైనా తయారయ్యే పద్ధతి ఒకటే. ఆ తొమ్మిది రోజుల్లో ఆ అమ్మాయితో కలిసి మేము చేసిన పనినే ఇక్కడ పాఠంగా రాస్తున్నాం. ఆమె అనుమతితోనే, పేరు, ఊరు చెప్పకుండా.

ఆమె రాసింది

ఆమె నల్లగొండ ప్రాంతపు అమ్మాయి. స్టేట్‌మెంట్ ఇంగ్లీషులో రాసింది. అందులో ముఖ్యమైన భాగం తెలుగులో ఇలా ఉంటుంది:

"మా ఊరి ప్రజలు ఫ్లోరైడ్ ఉన్న నీళ్ళు తాగుతున్నారు. పదకొండో తరగతి వేసవి సెలవుల్లో నేను పదకొండు బోర్ల నీటిని పరీక్షించి, ఏడింటిలో ఫ్లోరైడ్ పరిమితిని మించి ఉందని కనుగొన్నాను. నల్గొండ పద్ధతిలో ఆ నీటిని శుద్ధి చేసి, గ్రామ ప్రజలలో చైతన్యం తీసుకువచ్చాను. తొమ్మిదో తరగతిలో ఒక సంవత్సరం హిందీ ప్రాంతంలో చదివి భిన్నత్వంలో ఏకత్వాన్ని తెలుసుకున్నాను. సాహిత్యం నాకు ప్రాణం. గురజాడ వారి కన్యాశుల్కం నాకు అత్యంత ఇష్టమైన పుస్తకం."

చదవడానికి బాగానే ఉంది. ఇక్కడే చిక్కు. బాగున్న వాక్యాన్ని మనం మళ్ళీ ప్రశ్నించం. కానీ ఎదుటివారు ప్రశ్నిస్తారు.

మొదటి పని: మాటలను విడదీయడం

మొదట ఆమెతో ఆ పేజీని పైకి చదివించాం. తర్వాత వాక్యాలను కాదు, వాక్యాల్లో ఉన్న దావాలను లెక్కపెట్టించాం. "నేను", "పదకొండు", "పరీక్షించి", "ఏడింటిలో", "పరిమితిని మించి", "కనుగొన్నాను": ఒక్క వాక్యంలోనే ఆరు చోట్ల ఆగి అడగవచ్చు. ఆ భాగం మొత్తంలో పదహారు దావాలు తేలాయి.

తర్వాత ఒక్కో దావా పక్కన పెన్సిల్‌తో ఒక గుర్తు పెట్టమన్నాం. తాను స్వయంగా చేసినదైతే "నే", నలుగురితో కలిసి చేసినదైతే "మే", విన్నదో చదివినదో అయితే "వి". మూడు అక్షరాలే. కానీ ఆ గుర్తులు పెట్టడానికి ఆమెకు అరగంట పట్టింది. "పరీక్షించి" అన్న మాట దగ్గర పెన్సిల్ చాలాసేపు ఆగిపోయింది.

"ఇది 'మే' సార్" అంది చివరికి. నీళ్ళు సీసాల్లో పట్టి తెచ్చింది ఆమె, ఆమె పెద్దనాన్న కొడుకు. పరీక్ష చేసే కిట్టు రసాయనశాస్త్రం సార్‌ది. మొదటి మూడు సీసాలు ఆయన చేసి చూపించారు, మిగిలిన ఎనిమిది ఆమె చేసింది. అంటే దావా అబద్ధం కాదు. కానీ చేసిన పని కంటే కొంచెం పెద్దది. చాలామంది స్టేట్‌మెంట్లలో కనిపించే లోపం ఇదే. పచ్చి అబద్ధాలు తక్కువ, ఒక సైజు పెద్ద చొక్కాలు ఎక్కువ.

పంపకముందే ఇది కనబడితే వాక్యాన్ని సరిచేసుకోవచ్చు. పంపిన తర్వాత కనబడితే చేయగలిగింది ఒకటే: ఆ విషయం గురించి మొదటి ప్రశ్న రాగానే అసలు కొలత మనమే చెప్పడం. "మొదటి మూడూ మా సార్ చేసి చూపించారు, మిగిలిన ఎనిమిది నేను చేశాను" అని మనం చెబితే అది వివరం. అదే మాట మూడో ప్రశ్న తర్వాత వాళ్ళు మన నోటి నుంచి రాబడితే ఒప్పుకోలు అవుతుంది. ఆ తర్వాత మిగిలిన పేజీనంతా అనుమానంతోనే చదువుతారు.

రెండో పని: ఒక్కో దావాకు మూడు మెట్లు

శాసనసభల్లో ఒక సభ్యుడు ప్రశ్న అడుగుతాడు. మంత్రి జవాబు చెప్పాక అనుబంధ ప్రశ్నలు వస్తాయి. మొదటి ప్రశ్నకు జవాబు కాగితం మీద రాసే ఉంటుంది. విషయం తెలిసిందీ లేనిదీ అనుబంధ ప్రశ్నల దగ్గరే బయటపడుతుంది. ఇంటర్వ్యూ కూడా అంతే. అందుకని ఒక్కో దావా కింద మూడు ప్రశ్నలు రాయించాం. ఒకటి: ఏం చేశావు? రెండు: అది నీకు ఎలా తెలిసింది? మూడు: అలా కాకపోయి ఉంటే? మొదటి ప్రశ్నకు అందరూ జవాబు చెబుతారు. రెండోదానికి పని చేసినవాళ్ళే చెప్పగలరు. మూడోదానికి, చేసిన పని గురించి తర్వాత కూడా ఆలోచించినవాళ్ళు మాత్రమే చెప్పగలరు.

"ఏడింటిలో పరిమితిని మించి" అన్న దావానే తీసుకుందాం.

"ఎంత పరిమితి?" అని అడిగాం. "1.5" అంది. లీటరు నీటిలో 1.5 మిల్లీగ్రాములు. "ఎవరు పెట్టిన పరిమితి?" ఆమెకు తెలియదు. ఇద్దరం వెతికాం. తాగునీటికి భారత ప్రమాణం ఐఎస్ 10500. దాని 2012 నాటి కూర్పులో ఫ్లోరైడ్‌కు రెండు అంకెలు ఉన్నాయి. ఆమోదయోగ్యమైన పరిమితి 1.0. వేరే నీటి వనరు లేనప్పుడు అనుమతించే పరిమితి 1.5. ప్రపంచ ఆరోగ్య సంస్థ మార్గదర్శక విలువ కూడా 1.5.

ఆమె నోటు పుస్తకం తీయించాం. ఆ కిట్టులో నీటికి ద్రావకం కలిపితే ఫ్లోరైడ్ పెరిగేకొద్దీ ఎరుపు తగ్గి పసుపు వైపు తిరుగుతుంది. ఆ రంగును ఒక అట్ట మీది రంగులతో పోల్చి చూడాలి. అట్ట మీద 0.5, 1.0, 1.5, 2.0, 3.0 అని గడులు ఉన్నాయి. ఆమె రాసుకున్న దాని ప్రకారం నాలుగు బోర్లు 2.0, ఆపై గడులకు సరిపోయాయి. మూడు బోర్లు 1.5 గడికి సరిపోయాయి. మిగిలిన నాలుగు 1.0, ఆలోపు.

అంటే 1.0ని పరిమితి అనుకుంటే ఏడు బోర్లు మించాయి. 1.5 అనుకుంటే నాలుగే. ఆమె "ఏడు" అని రాసి, పరిమితి "1.5" అని చెప్పబోతోంది. రసాయనశాస్త్రం తెలిసినవారు ఎదురుగా ఉంటే రెండు నిమిషాల్లో ఆ రెండూ పొసగవని తేలిపోయేది. పైగా 1.5 గడికి సరిపోయిన మూడు బోర్ల సంగతి ఇంకా సున్నితం. కంటితో రంగు పోల్చేటప్పుడు అది 1.3 కావచ్చు, 1.7 కావచ్చు. ఆ మూడూ గీతకు ఇటో అటో ఆ కిట్టు చెప్పలేదు.

ఇదంతా తెలిశాక ఆమె ముఖం వాడిపోయింది. "అయితే నా ప్రాజెక్టు తప్పా సార్?" అంది. తప్పు కాదు. ఇప్పుడే దాని నిజమైన కొలత తెలిసింది. "1.0 పరిమితి ప్రకారం ఏడు. 1.5 ప్రకారం నాలుగు కచ్చితంగా, మరో మూడు గీత మీద ఉన్నాయి. అవి తేలాలంటే ప్రయోగశాలలో ఎలక్ట్రోడ్‌తో పరీక్షించాలి" అని చెప్పగలిగిన విద్యార్థి, "ఏడు" అని మాత్రమే చెప్పే విద్యార్థి కంటే ఎక్కువ తెలిసినవాడు. అంకె చిన్నదైనా పట్టు పెరిగింది.

విఫలమైన రోజు

నల్గొండ పద్ధతి అన్న మాట వినగానే ఎవరైనా అడిగే ప్రశ్న, అది ఏమిటని. నాగపూర్‌లోని నీరి సంస్థ రూపొందించిన పద్ధతి అది. నీటిలో సున్నం, బ్లీచింగ్ పౌడర్ కలిపి, తర్వాత పటిక ద్రావణం పోస్తారు. ముందు వేగంగా, తర్వాత నెమ్మదిగా కలియబెడతారు. దూదిపింజల్లాంటి ముద్దలు ఏర్పడి, ఫ్లోరైడ్‌ను తమతో పట్టుకుని అడుగుకు దిగుతాయి. గంటో, ఆపైనో ఆగి పైన తేరిన నీటిని తీసుకుంటారు. ఇంతవరకూ ఆమె గడగడా చెప్పింది.

రెండో మెట్టు ఎక్కించాం. "పటిక ఎంత వేశావు?" ఒక కరపత్రంలో ఉన్నంత వేసిందట. "ఆ లెక్క ఎలా వచ్చింది?" మౌనం. "ఎన్నిసార్లు చేశావు?" రెండుసార్లు. "రెండుసార్లూ తేరిందా?"

ఆమె కాసేపు ఆగి, "రెండోసారి తేరలేదు సార్. పింజలు సరిగా కట్టలేదు, నీళ్ళు తెల్లగా మబ్బుగానే ఉండిపోయాయి. అందుకే అది రాయలేదు" అంది.

మాకు ఆ పేజీ మొత్తంలో అన్నిటికంటే విలువైన విషయం అప్పుడు దొరికింది, అదీ పేజీలో లేనిది. ఎందుకు తేరలేదో రసాయనశాస్త్రం సార్‌తో కూర్చుని చూశాం. పటిక మోతాదు నీటిలోని ఫ్లోరైడ్ మీద మాత్రమే ఆధారపడదు, ఆ నీటి క్షారత మీద కూడా ఆధారపడుతుంది. పటిక పని చేసేటప్పుడు క్షారతను వాడుకుంటుంది. అది చాలకపోతే పింజలు సరిగా కట్టవు. ఆ లోటు తీర్చడానికే సున్నం వేస్తారు. ఆమె రెండో బోరు నీటికి కూడా మొదటి బోరుకు వేసిన కొలతలే వేసింది. రెండింటి క్షారతనూ కొలవలేదు. కారణం అదే అయి ఉండాలని ఆయన అన్నారు, కొలవలేదు కాబట్టి తేల్చి చెప్పలేమనీ అన్నారు.

"ఇది చెబితే మార్కులు పోవా సార్?" అని అడిగింది. ఈ భయం అందరికీ ఉంటుంది. కానీ ఆలోచించండి. "నీ ప్రయోగంలో ఏది సరిగా రాలేదు?" అన్నది ప్రయోగం గురించి రాసిన ప్రతివారికీ రాగల ప్రశ్న. "అన్నీ సరిగానే వచ్చాయి" అన్న జవాబును బల్ల అవతల ఎవరూ నమ్మరు. రెండో బకెట్టు ఎందుకు తేరలేదో చెప్పగలిగితే, ఆ అమ్మాయి నిజంగా బకెట్టు ముందు కూర్చుందని వాళ్ళకు తెలుస్తుంది.

మేము చేసిన తప్పు

"గ్రామ ప్రజలలో చైతన్యం తీసుకువచ్చాను" అన్న దావా దగ్గర ఆమె ఏ గుర్తూ పెట్టలేదు. నే, మే, వి మూడూ కాదట. ఎందుకని అడిగితే తల దించుకుని, "ఆ ముక్క మీరే రాయించారు సార్" అంది.

నిజమే. మూడు నెలల క్రితం చిత్తుప్రతి తెచ్చినప్పుడు, ముగింపు చప్పగా ఉందని ఉపాధ్యాయులం ఇద్దరం కూర్చుని ఆ మాటలు చేర్పించాం. ఎన్ని ఊళ్ళు బదిలీ అయినా మాకు వదలని అలవాటు ఇది. విద్యార్థి వాక్యం బలహీనంగా కనిపిస్తే మన వాక్యం తగిలిస్తాం. అది అతికినట్టే ఉంటుంది. ఇంటర్వ్యూ గదిలోకి మాత్రం మేము రాము, ఆ మాటకు జవాబు చెప్పాల్సింది ఆ పిల్ల.

అసలు ఏం జరిగిందని అడిగాం. రెండు ఇళ్ళ వాళ్ళకు రంగుల అట్ట చూపించింది. ఆమె నానమ్మ, "ఇప్పుడు కృష్ణా నీళ్ళు వస్తున్నయి గద బిడ్డా, బోరు నీళ్ళు ఎవరు తాగుతున్నరు?" అంది. మా దగ్గర మరో ప్రశ్న ఉండనే ఉంది, నానమ్మ ముందే అడిగేసింది. మిషన్ భగీరథ కింద ఆ ప్రాంతానికి కుళాయి నీళ్ళు వస్తున్నాయని తెలిసిన ఎవరైనా మొదటి వాక్యాన్నే పట్టుకుంటారు: "ఫ్లోరైడ్ నీళ్ళు తాగుతున్నారు" అని రాశావు, ఇప్పుడు కూడానా?

ఆమె దగ్గర జవాబు ఉంది, పేజీలో లేదు. పైపు పగిలిన రోజుల్లో బోరు నీళ్ళే దిక్కు. పొలం పనికి వెళ్ళినవాళ్ళు మోటారు దగ్గరే దోసిలి పట్టి తాగుతారు. ఆమె పరీక్షించిన పదకొండింటిలో ఆరు పొలాల్లోని బోర్లే. నానమ్మ మాట విన్నాకే పొలం బోర్లకు వెళ్ళింది. అదీ జరిగిన కథ. ఊరిని ఆమె మార్చలేదు, నానమ్మ ప్రశ్న ఆమె ప్రాజెక్టును మార్చింది. "చైతన్యం" గురించి అడిగితే ఇదే చెప్పమన్నాం: "అది పెద్ద మాట. నేను రెండు ఇళ్ళకు చూపించాను. వాళ్ళు నన్నే ఒక ప్రశ్న అడిగారు." ఆ మాట మేము చేర్పించినదని కూడా, అడిగితే, దాచనక్కర్లేదన్నాం.

పుస్తకం, వలస

కన్యాశుల్కం పక్కన "నే" అని రాసింది. "మొత్తం చదివావా?" పాఠ్యపుస్తకంలోని భాగం చదివింది, 1955 నాటి సినిమా టీవీలో చూసింది. "అత్యంత ఇష్టమైన పుస్తకం" అన్న దావాకు అది చాలదు. తొమ్మిది రోజుల్లో మిగిలింది ఏడు. దారులు రెండే: చదవడం, లేదా చదవలేదని చెప్పడానికి సిద్ధపడటం. సారాంశం చదివి నెట్టుకురావడం దారి కాదు, రెండో అనుబంధ ప్రశ్నకే అది కూలుతుంది. గ్రంథాలయం నుంచి పుస్తకం తీసుకుని ఐదు సాయంత్రాల్లో చదివింది.

ఈ దావాకు మరో రకం ప్రశ్న కూడా ఉంది. ఎదుట కూర్చున్నవారికి తెలుగు రాకపోవచ్చు. "అదేమిటో మాకు చెప్పు" అంటారు. తెలుగువాళ్ళ మధ్య పెరిగినవారికి ఇది ఊహకు రాదు. డబ్బు తీసుకుని చిన్నపిల్లను ముసలివాడికి కట్టబెట్టబోతే, మేనమామ ఒక మగపిల్లవాడికి ఆడవేషం వేసి ఆ పెళ్ళి ఎలా తప్పించాడో చెప్పే నాటకమనీ, 1892లో మొదట ప్రదర్శించారనీ, 1909 నాటికి గురజాడ దాన్ని చాలా మార్చి రాశారనీ రెండు మూడు వాక్యాల్లో చెప్పడం సాధన చేసింది.

మూడో మెట్టు ప్రశ్న మేము అడిగాం: "వితంతు వివాహం గురించి గిరీశం చెప్పే మాటలు మంచివే. చెప్పేవాడు మంచివాడు కాదు. అప్పుడు ఆ మాటల విలువ ఏమిటి?" ఆమె కొంచెంసేపు ఆలోచించి నవ్వేసింది. "సార్, నా చైతన్యం వాక్యం గిరీశం రాసినట్టే ఉంది" అంది. మేమూ నవ్వాం, కాస్త సిగ్గుతోనే.

ఇక వలస. మన విద్యాలయాల్లో తొమ్మిదో తరగతిలో కొందరు ఒక ఏడాది వేరే భాషా ప్రాంతానికి వెళ్ళి చదువుతారు. తిరిగివచ్చిన అందరి స్టేట్‌మెంట్లలోనూ "భిన్నత్వంలో ఏకత్వం" ఉంటుంది. అందరూ రాయగలిగిన వాక్యం ఎవరిదీ కాదు. "ఒక్క రోజు చెప్పు" అన్నాం. అప్పుడు చెప్పింది. వెళ్ళిన మొదటి నెలలో ఇంటి నుంచి పార్సిల్ వచ్చిందా అని అడిగితే, వార్డెన్ మేడమ్ "కల్" ఏదో అన్నారట. "కల్" అంటే రేపు అని ఆమెకు తెలుసు, సరేనని ఊరుకుంది. నిన్నకు కూడా అదే మాట అని తెలియదు. పార్సిల్ ఆఫీసులో ఐదు రోజులు ఉండిపోయింది, అందులోని అరిసెలు పాడయ్యాయి. అప్పటి నుంచి హిందీ వాక్యంలో చివర వచ్చే క్రియను పట్టుకుని వినడం నేర్చుకుందట. వచ్చిందా, వస్తుందా అన్నది అక్కడే తేలుతుంది కదా. ఇది ఆమె తప్ప ఎవరూ చెప్పలేని జవాబు.

మూడో పని: కంఠస్థం చేయకుండా సాధన

చివరి మూడు రోజులు, రోజుకు ఇరవై నిమిషాలు, ఇద్దరు ఉపాధ్యాయులం ఆమె ఎదురుగా కూర్చున్నాం. నియమం ఒకటే. ప్రతి ప్రశ్న ఆమె అప్పుడే చెప్పిన జవాబులోని ఒక మాటను పట్టుకుని అడగాలి. జవాబులను రాసుకోనివ్వలేదు. రాసుకున్నది కొన్ని మాటలే: "రెండో బకెట్టు", "నానమ్మ", "పొలం బోర్లు", "అరిసెలు". ఆ మాట గుర్తొస్తే ఆ రోజు గుర్తొస్తుంది, వాక్యం దానంతట అదే వస్తుంది. కంఠస్థం చేసిన జవాబు మధ్యలో ఎవరైనా ఆపితే మొదటి నుంచి మొదలుపెట్టాల్సి వస్తుంది. జరిగినదాన్ని ఎక్కడి నుంచైనా చెప్పవచ్చు.

జవాబు బలహీనంగా ఉందని తెలుసుకోవడానికి మాకు మూడు ఆనవాళ్ళు దొరికాయి. ఒకటి, జవాబులో స్టేట్‌మెంట్‌లోని మాటలే తిరిగి వినిపించడం. రెండు, "నేను" అని మొదలైన వాక్యం మధ్యలో "మేము"గానో, "సాధారణంగా చేస్తారు" అనో మారిపోవడం. మూడు, అంకె, రోజు, మనిషి, వస్తువు ఏదీ లేకుండా జవాబు ముగియడం. వీటిలో ఏది వినిపించినా ఆ దావా దగ్గరికి తిరిగి వెళ్ళాం.

అన్ని ప్రశ్నలనూ ఊహించలేం. అది కూడా సాధనలోనే తెలియాలి. చివరి రోజు రసాయనశాస్త్రం సార్ అడిగారు: "శుద్ధి చేశాక ఫ్లోరైడ్ తగ్గిందని అదే కిట్టుతో చూశావు కదా. నీళ్ళలో మిగిలిన పటిక తాలూకు అల్యూమినియం ఆ రంగును మార్చదా?" మారుస్తుంది. అల్యూమినియం ఫ్లోరైడ్‌ను పట్టుకుంటుంది కాబట్టి కిట్టు ఉన్నదానికంటే తక్కువ చూపించవచ్చు. ఆమెకు తెలియదు. మొదట ఏదో చెప్పబోయి ఆగింది. "నాకు తెలియదు సార్. అలా అయితే శుద్ధి చేశాక వచ్చిన అంకెను నేను నమ్మకూడదు. ల్యాబ్‌లో వేరే పద్ధతిలో చూడాలి" అంది. తెలియదని చెప్పి, తెలిస్తే ఏది మారుతుందో చెప్పింది. అంతకుమించిన జవాబు ఆ ప్రశ్నకు మాకు తోచలేదు.

అక్కడ జరిగింది

ఇంటర్వ్యూ ఇరవై ఐదు నిమిషాలు సాగిందట. కన్యాశుల్కం ఎవరూ అడగలేదు. ఐదు సాయంత్రాలు వృథా అయ్యాయా అంటే, పుస్తకం దొరికింది కదా అంది. వలస గురించి ఒకే ప్రశ్న. మిగిలిన సమయంలో సగానికి పైగా రెండో బకెట్టు చుట్టూనే నడిచిందట. "మళ్ళీ చేస్తే మొదట ఏం కొలుస్తావు?" అన్నది ఆఖరి ప్రశ్న. వంద ప్రశ్నల కట్టలో నుంచి ఒక్కటీ రాలేదు. ప్రవేశం వచ్చింది. దీనివల్లే వచ్చిందని మేము చెప్పలేం. కానీ గదిలో తాను దాచుకోవాల్సింది ఏమీ లేకపోయిందని ఆమె చెప్పిన మాట మాకు గుర్తుండిపోయింది.

ఆ ఏడాది తర్వాత మా అలవాటు ఒకటి మారింది. విద్యార్థుల స్టేట్‌మెంట్‌లో ఇప్పుడు మా వాక్యాలు చేర్చం. నచ్చని చోట పక్కన ప్రశ్న రాస్తాం. జవాబు వాళ్ళే రాసుకుంటారు.

అభ్యాసం

1. మీరు రాసిన స్టేట్‌మెంట్‌లో గాని, మీ గురించి రాసుకున్న ఏదైనా పేరాలో గాని దావాలను లెక్కపెట్టి, ఒక్కొక్కదాని పక్కన "నే", "మే", "వి" గుర్తులు పెట్టండి. ఏ గుర్తూ పెట్టలేని వాక్యాన్ని ఏం చేస్తారు?

2. మీరు వాడిన ఒక అంకెను తీసుకోండి. అది ఎక్కడి నుంచి వచ్చింది, దేనితో కొలిచారు, ఎంత అటూ ఇటూ కావచ్చు అన్నది నాలుగు వాక్యాల్లో రాయండి.

3. మీ ఊరి పండుగ, వంట, పుస్తకం ఏదైనా ఒకటి, మీ భాష రానివారికి మూడు వాక్యాల్లో చెప్పండి. మీ మిత్రుడు మీ జవాబులోని ఒక మాటను పట్టుకుని మూడు అనుబంధ ప్రశ్నలు అడగాలి.

4. మీరు చేసిన పనిలో సరిగా రానిది, మీరు రాయకుండా వదిలేసినది ఒకటి గుర్తు తెచ్చుకోండి. దాని గురించి అడిగితే ఏం చెబుతారో, రాయకుండా, పైకి చెప్పి చూడండి.